మూడో పేచెక్ బోనస్ కాదు

అమెరికాలో రెండు వారాలకోసారి జీతం తీసుకునే ఇళ్లలో ఏడాదికి రెండుసార్లు వినిపించే మాట ఒకటుంది. "ఈ నెల మూడు పేచెక్‌లు, ఒకటి ఎక్స్‌ట్రా." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. అనేవాళ్ల మీద కాదు, వాళ్లకు ఆ మాట నేర్పినవాళ్ల మీద. మూడో పేచెక్‌ను ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే వీడియోలు తీసేవాళ్లు, అదే వారంలో సేల్ పెట్టే దుకాణాలు, "ఎలాగూ ఎక్స్‌ట్రా డబ్బేగా" అంటూ ప్లాటు వాయిదా అడిగే ఏజెంట్లు, అందరూ కలిసి మన కష్టార్జితానికి బోనస్ అని పేరు పెట్టారు. బోనస్ అంటే చేసిన పనికి ఇచ్చే జీతం మీద ఇంకొంచెం ఇవ్వడం. మూడో పేచెక్‌లో యజమాని అదనంగా ఇచ్చింది ఒక్క పైసా లేదు. పద్నాలుగు రోజులు పని చేశారు, ఆ పద్నాలుగు రోజుల డబ్బు వచ్చింది. అంతే.

మనవాళ్లు దీనికి తేలిగ్గా లొంగడానికి కారణం ఉంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో మన అమ్మానాన్నలు నెల జీతం మీద బతికారు. ఒకటో తారీఖున జీతం, ఒకటో తారీఖున అద్దె, పాలవాడికి, పేపరువాడికి అప్పుడే లెక్క. ఆదాయమూ ఖర్చూ ఒకే క్యాలెండర్ మీద నడిచేవి కాబట్టి లెక్క తప్పడానికి చోటే ఉండేది కాదు. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి అద్దె మాత్రం అదే ఒకటో తారీఖున కట్టాలి. జీతం మాత్రం శుక్రవారం విడిచి శుక్రవారం వస్తుంది. అద్దెకు తారీఖు ముఖ్యం, జీతానికి వారం ముఖ్యం. ఈ రెంటికీ పొత్తు కుదరదని అతనికి ఆఫర్ లెటర్ ఇచ్చిన రోజున చెప్పేవాళ్లు ఉండరు.

ముందు లెక్క చూడండి. పద్నాలుగు రోజులకో జీతం చొప్పున ఇరవై ఆరు జీతాలకు 364 రోజులు. నెలకు రెండే అనుకుంటే పన్నెండు నెలలకు ఇరవై నాలుగు. మిగిలిన రెండూ ఎక్కడో ఒకచోట పడాలి కదా, అవి రెండు నెలల్లో మూడో జీతంగా పడతాయి. ఏ నెలలో పడతాయో కనిపెట్టడం చాలా సులువు. నెలలో మొదటి జీతం ఒకటో తారీఖునో రెండో తారీఖునో పడితే, ఇరవై ఎనిమిది రోజుల తర్వాత వచ్చే మూడోది అదే నెలలో పడుతుంది. ముప్ఫై ఒక్క రోజుల నెలైతే మూడో తారీఖు దాకా అవకాశం ఉంది. ఫిబ్రవరిలో మామూలుగా ఇది జరగదు. లీపు సంవత్సరంలో ఒకటో తారీఖునే జీతం పడితే తప్ప. ఐదు శుక్రవారాలున్న ప్రతి నెలా మూడు జీతాల నెలే అని కొందరు అనుకుంటారు. అదీ తప్పే. మీ వంతు ఒకటి, మూడు, ఐదో శుక్రవారాలైతే మూడు వస్తాయి. రెండు, నాలుగో శుక్రవారాలైతే రెండే.

మన పంచాంగం ఈ చిక్కును ఎప్పుడో పరిష్కరించింది. చాంద్రమాన సంవత్సరం సౌరమాన సంవత్సరం కన్నా పదకొండు రోజుల దాకా పొట్టిది. ఆ తేడా పోగై పోగై ఒక నెలంత అయినప్పుడు అధిక మాసం వస్తుంది. 2026లో జ్యేష్ఠం అలాగే రెండుసార్లు వచ్చింది. అధిక మాసం వచ్చిందని తమ ఆయుష్షుకు ఒక నెల కలిసిందని మన ఇళ్లలో ఎవరూ సంబరపడరు. రెండు క్యాలెండర్ల మధ్య తేడా సర్దుబాటైందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే సర్దుబాటును అదృష్టం అనుకుంటున్నాం.

2026నే తీసుకుందాం. జనవరి 9, శుక్రవారం మొదటి జీతం అందుకున్నవాళ్లకు మే నెలలో 1, 15, 29 తేదీల్లో మూడు జీతాలు. తర్వాత జూన్ 12, 26. జులై 10, 24. ఆగస్టు 7, 21. సెప్టెంబరు 4, 18. మళ్లీ అక్టోబరు 2, 16, 30 తేదీల్లో మూడు. ఈ తేదీలను మరోసారి నిదానంగా చూడండి. జీతం తారీఖు నెలనెలా రెండు మూడు రోజులు ముందుకు జరుగుతోంది. అద్దె తారీఖు మాత్రం కదలదు. జూన్ 26న వచ్చిన జీతం జులై ఒకటి అద్దె కోసం ఐదు రోజులు ఆగాలి. జులై 24 జీతం ఎనిమిది రోజులు, ఆగస్టు 21 జీతం పదకొండు రోజులు. సెప్టెంబరు 18న వచ్చిన డబ్బు అక్టోబరు ఒకటి దాకా పదమూడు రోజులు చెయ్యి పడకుండా ఉండాలి. ఆ పదమూడు రోజుల్లో కిరాణా కొంటారు, పెట్రోలు పోయిస్తారు, పిల్లల స్కూలు ఫోటోలకు కట్టమంటారు, ఒక పుట్టినరోజు వస్తుంది. చివరికి అక్టోబరు ఒకటి తెల్లారేసరికి ఖాతాలో అద్దెకు సరిపడా ఉండదు. జీతం మర్నాడు వస్తుంది.

నా కోపానికి అసలు కారణం ఇక్కడుంది. మూడు జీతాల నెల అని అందరూ ఎదురుచూసే నెల ఏడాదిలోకెల్లా బీద రోజుతో మొదలవుతుంది. అద్దె ఆటోపేలో ఉంటే అది తిరిగొస్తుంది, దానికో ఫీజు. లేదంటే అద్దె క్రెడిట్ కార్డు మీద కడతారు, దానికీ ఫీజు. ఆ కార్డు బాకీ నెలాఖరుకు తీరకపోతే ఇరవై శాతం పైన వడ్డీ. అప్పుడు అక్టోబరు 30న మూడో జీతం పడుతుంది, మనిషికి ఊపిరి వస్తుంది, "అమ్మయ్య, ఎక్స్‌ట్రా వచ్చింది" అనుకుంటాడు. నెల మొదట్లో అతన్ని అప్పులో పడేసిందీ, నెల చివర్లో గట్టెక్కించిందీ ఒకే క్యాలెండర్. మొదటిదాన్ని తన చేతకానితనం అనుకుంటాడు, రెండోదాన్ని అదృష్టం అనుకుంటాడు. రెండూ కావు.

ఇంకో సంగతి. మూడో జీతం ఎప్పుడూ 29, 30, 31 తేదీల్లోనే పడుతుంది. వేరే తారీఖున పడే వీలే లేదు. అంటే అది పడ్డ ఒకటి నుంచి మూడు రోజుల్లోనే వచ్చే నెల అద్దె. ఆ తర్వాతి జీతం పన్నెండో తారీఖుకు గానీ రాదు, పద్నాలుగు దాకా కూడా పోవచ్చు. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద ఖర్చు పెట్టుకుని ఉన్న డబ్బును ఎక్స్‌ట్రా అనడానికి నోరెలా వస్తుంది?

ఒక ఇంటి లెక్క వేసి చూపిస్తాను. ఇలాంటి ఇళ్లు నాకు చాలా తెలుసు. అంకెలు మాత్రం గుండ్రంగా తీసుకున్నాను. ఏడాదికి 1,04,000 డాలర్ల జీతం, ఒక్కో పేచెక్‌కు 4,000. పన్నులు, ఆరోగ్య బీమా, రిటైర్మెంట్ పొదుపు పోగా చేతికి 3,000. నెల మొదట్లో కట్టేవన్నీ కలిపి 3,500: అందులో అద్దె 2,100, కారు వాయిదా 450, కారు బీమా 150, కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లకు 300, ఊళ్లో అమ్మానాన్నలకు 500. ఇక రోజువారీ ఖర్చులు, అంటే కిరాణా, పెట్రోలు, పిల్లల అవసరాలు, నెలకు 2,700. మొత్తం నెలకు 6,200.

నెలకు రెండు జీతాలంటే 6,000. ఖర్చు 6,200. అంటే ఈ ఇల్లు ప్రతి మామూలు నెలలోనూ రెండు వందలు లోటులో ఉంది. కానీ ఏడాది లెక్క చూస్తే రాబడి 78,000, ఖర్చు 74,400. ఏడాదికి 3,600 మిగులు. నెలనెలా లోటు, ఏడాదికి మిగులు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం వల్లే మనుషులు తికమక పడుతున్నారు. భార్యాభర్తలు ఒకరినొకరు దుబారా అని నిందించుకునే ఇళ్లు నేను చూశాను. ఆ ఇంట్లో దుబారా లేదు. వాళ్ల జీతం నెలకు 6,500. కానీ 6,500 అన్న అంకె వాళ్ల పే స్టబ్ మీద ఎక్కడా కనిపించదు.

"రెండు జీతాలతో నెల గడుపుకోండి, మూడోది వచ్చినప్పుడు పండగ చేసుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లకు నేను అడిగేది ఇదే. ఈ ఇంటివాళ్లు ఆ రెండు వందలు ఎక్కడ తగ్గించాలి? అమ్మానాన్నలకు పంపేదాంట్లోనా, పిల్లల పాలలోనా? సంపాదించిన డబ్బు ఉండగా, అది వచ్చే తారీఖు కుదరలేదని కడుపు కట్టుకోమని చెప్పడం సలహా కాదు. ఖర్చు రెండు జీతాలకన్నా బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఆ సలహా నప్పుతుంది, వాళ్లకు నిజానికి ఏ సలహా అక్కర్లేదు. నెలకు రెండు వందలు చాలనివాడికి మాత్రం అది అప్పుకు దారి.

ఇప్పుడు అక్టోబరు 30 సంగతి. ఈ ఇంటివాళ్లు ఎలాగో ఓర్చుకుని అక్టోబరు ఒకటి బిల్లులన్నీ సెప్టెంబరు జీతాల్లోంచే కట్టేశారనుకుందాం. చేతిలో ఏమీ మిగల్లేదు, అప్పూ లేదు. అక్టోబరులో మూడు జీతాలు కలిపి 9,000 వస్తాయి. అక్టోబరు 2 నుంచి తర్వాతి జీతం పడే నవంబరు 13 దాకా నలభై రెండు రోజులు. రోజువారీ ఖర్చు పద్నాలుగు రోజులకు 1,246 చొప్పున దాదాపు 3,740. నవంబరు ఒకటిన బిల్లులు 3,500. ఇవి పోగా నవంబరు 13 నాటికి మిగలగలిగింది 1,760 డాలర్లు. మూడు వేలు కాదు. "ఎక్స్‌ట్రా" అని మూడు వేలూ ఫ్లైట్ టికెట్లకో, షాద్‌నగర్ వైపు ప్లాటు అడ్వాన్సుకో పంపేస్తే నవంబరు 13 లోపల 1,240 డాలర్లు కార్డు మీదికి ఎక్కుతాయి.

ఎందుకంటే అద్దె ఏడాదికి పన్నెండుసార్లే గానీ ఆకలి రోజూ వేస్తుంది. మూడో జీతంలో అద్దె వంతు మాత్రమే కాస్త వెసులుబాటు ఇస్తుంది. తిండి వంతు ఇవ్వదు. ఆ జీతం వెనకాల కూడా పద్నాలుగు రోజులున్నాయి, ఆ పద్నాలుగు రోజులూ ఇంట్లో పొయ్యి వెలగాలి. ఎక్స్‌ట్రా అనేవాళ్లు ఈ పద్నాలుగు రోజులను లెక్కలోంచి తీసేస్తున్నారు.

ఆ 1,760లో కూడా స్వేచ్ఛగా వాడుకోదగ్గది ఎంతో చూద్దాం. దానికి బిల్లులను పద్నాలుగు రోజుల భాషలోకి మార్చాలి. నెల బిల్లును పన్నెండుతో హెచ్చించి ఇరవై ఆరుతో భాగించండి. 3,500 బిల్లులకు ఒక్కో జీతంలోంచి 1,615 పక్కన పెట్టాలి. రోజువారీ ఖర్చులకు 1,246. రెండూ కలిపి 2,861 పైచిలుకు. మూడు వేలల్లో మిగిలేది 138. ఈ ఇంటి నిజమైన మిగులు అదే, ఏ నెలలో ఎన్ని జీతాలు పడ్డా అదే. మే 29న 138, జూన్ 12న 138, అక్టోబరు 30న 138. ఇరవై ఆరుసార్లు కలిపితే 3,600. ఈ అంకె ఒకసారి కాగితం మీద కనబడితే మూడో జీతానికీ మిగతావాటికీ తేడా ఉండదు. ప్రతి జీతమూ ఒకే రకంగా మూడు ముక్కలవుతుంది.

చేయాల్సిన పని పొదుపు ఖాతా కాక రెండు ఖాతాలు పెట్టుకోవడం. బిల్లుల ఖాతా ఒకటి, ఇంటి ఖర్చు ఖాతా ఒకటి. జీతం వచ్చిన ప్రతి శుక్రవారం బిల్లుల ఖాతాలో 1,615 పడాలి. డైరెక్ట్ డిపాజిట్‌ను రెండు మూడు ఖాతాలకు విడగొట్టే వీలు చాలా కంపెనీల పేరోల్‌లో ఉంటుంది; ఒకసారి చెబితే చాలు, మళ్లీ చెయ్యి పెట్టక్కర్లేదు. అద్దె, కారు, బీమా, కరెంటు, ఊరికి పంపే డబ్బు, ఆటోపేలన్నీ ఆ ఖాతా మీదే ఉండాలి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు ఇస్తామంటే వద్దనండి. ఇంటి ఖర్చు ఖాతాలో 1,246 పడుతుంది, అది వచ్చే జీతం దాకా. మిగిలిన 138 పొదుపు ఖాతాకు. తిండికి నెల లెక్క వేయడమే మానేయండి. రెండు వారాలకు ఎంత అన్న లెక్క చాలు, జీతం ఆ అడుగుల్లోనే వస్తోంది కాబట్టి.

ఈ పద్ధతి ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. మధ్యలో ఏదో ఒక నెలలో మొదలుపెడితే దెబ్బతింటుంది. రెండు జీతాల నెలలో బిల్లుల ఖాతాలో పడేది 3,230, పోవాల్సింది 3,500. మొదటి నెలలోనే 270 తక్కువ. రెండో నెలలో ఇంకో 270. "ఈ లెక్కలు మనకు పనికిరావు" అని వదిలేస్తారు. అదే మూడు జీతాల నెలలో, మొదటి జీతం నాడే మొదలుపెడితే ఏం జరుగుతుందో చూడండి. అక్టోబరు 2, 16, 30 తేదీల్లో మూడు 1,615లు కలిపి 4,846. నవంబరు ఒకటిన 3,500 పోతే 1,346 మిగులుతుంది. డిసెంబరు ఒకటి నాటికి అది 1,077. జనవరి ఒకటికి 808. ఫిబ్రవరికి 538, మార్చికి 269. 2027 ఏప్రిల్ ఒకటిన బిల్లులు కట్టేసరికి సున్నా. ఏప్రిల్ 2న జీతం, 16న జీతం, 30న జీతం, అది మళ్లీ మూడు జీతాల నెల. ఖాతా సరిగ్గా అడుగంటిన మర్నాడు మళ్లీ నిండడం మొదలవుతుంది. బయటి నుంచి ఒక్క డాలరు పెట్టుబడి అక్కర్లేదు.

మూడో జీతం దేనికి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. రాబోయే ఐదు రెండు జీతాల నెలల్లో నెలకు 269 చొప్పున పడే లోటును ముందుగానే నింపడానికి వచ్చింది. ఆ 1,346లో కొంత ముట్టుకున్నా మార్చి, ఏప్రిల్ నాటికి అద్దె తడబడుతుంది. ముట్టుకున్నది అక్టోబరులో, దెబ్బ తగిలేది నెలల తర్వాత. ఆ రెంటికీ సంబంధం ఉందని అప్పటికి గుర్తుండదు. "ఈ మధ్య ఖర్చులు పెరిగాయి" అంటారు.

పద్ధతి సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒకే రోజు చూస్తే చాలు. మూడు జీతాల నెలలో ఒకటో తారీఖున బిల్లులు కట్టాక బిల్లుల ఖాతాలో సున్నా దగ్గరగా ఉండాలి. బాగా తక్కువ పడితే ఏదో బిల్లు పెరిగింది, 1,615ను మళ్లీ లెక్కగట్టాలి. టెక్సస్‌లో ఎండాకాలం కరెంటు బిల్లు చలికాలం బిల్లుకు ఎక్కడా పోలిక ఉండదు. పన్నెండు నెలల బిల్లులు కూడి సగటు తీయకుండా ఒక మార్చి బిల్లు చూసి లెక్క వేసినవాళ్లకు ఆగస్టులో ఇదే జరుగుతుంది. ఆరు నెలలకోసారి కట్టే కారు బీమా కూడా ఏడాది మొత్తం తీసుకుని ఇరవై ఆరుతోనే భాగించాలి.

అక్టోబరు ఒకటి అద్దె ఇప్పటికే కార్డు మీద కట్టినవాళ్లకు ఈ లెక్క వెంటనే కుదరదు. ఆ మాట దాచను. వాళ్లు ఒక అద్దె వెనకబడి ఉన్నారు. 138 చొప్పున 2,100 తీరాలంటే పదిహేను జీతాల పైనే పడుతుంది, ఈలోగా వడ్డీ. వాళ్లకు ఆ మూడు జీతాల నెల వెసులుబాటంతా కార్డు బాకీకే పోవాలి, వేరే దారి లేదు. దాంతోపాటు చేయగలిగింది ఒకటుంది. అద్దె తారీఖు కదలదు గానీ కారు అప్పు, క్రెడిట్ కార్డు, బీమా తారీఖులు చాలావరకు అడిగితే మారుస్తారు. వాటిని నెల మధ్యకు జరిపితే ఒకటో తారీఖు మీద అద్దె ఒక్కటే నిలబడుతుంది. ఇది అప్పును తగ్గించదు, కొత్త అప్పు పుట్టకుండా కాస్త ఆపుతుంది.

మూడో పేచెక్ నిజంగానే కొంచెం లావుగా ఉందని కొందరు వాదిస్తారు. ఉండొచ్చు. చాలా కంపెనీలు ఆరోగ్య బీమా, దంతాల బీమా ప్రీమియంలను ఏడాదికి ఇరవై నాలుగు ముక్కలు చేసి, నెలలో మొదటి రెండు జీతాల్లోంచే కోస్తాయి. మూడోదాంట్లో ఆ కోత ఉండదు. అది కూడా మీరు మిగతా ఇరవై నాలుగుసార్లు కొంచెం ఎక్కువ కట్టిన ఫలితమే. "మూడో చెక్కుకు పన్ను ఎక్కువ కోస్తారు" అన్న పుకారు మరీ అన్యాయం. ఒక్కో జీతం మీద ఫెడరల్ పన్ను ఎంత కోయాలో ఏడాదికి ఇరవై ఆరు జీతాలన్న లెక్క మీదే వేస్తారు. ఒక నెలలో మూడు పడ్డాయని ఆ లెక్క మారదు. నమ్మకం లేకపోతే రెండు పే స్టబ్‌లు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఉద్యోగం మారేటప్పుడు కూడా ఇదే మోసం వేరే రూపంలో ఎదురవుతుంది. పదిహేనునా నెలాఖరునా జీతమిచ్చే కంపెనీలో ఏడాదికి ఇరవై నాలుగు జీతాలే. అదే 1,04,000కు అక్కడ ఒక్కో చెక్కు 4,333. మొదటి చెక్కు చూసి జీతం పెరిగిందని ఇల్లు మారినవాళ్లున్నారు. పోల్చాల్సింది చెక్కును కాదు, ఏడాదిని.

ఇప్పటిదాకా క్యాలెండర్ చేసే పని చెప్పాను. ఇక యజమానులు చేసేది. ఇరవై ఆరు జీతాలకు 364 రోజులే అన్నాను కదా. ఏడాదికి 365, లీపు ఏడాదికి 366. మిగిలిపోయే ఆ ఒకటీ రెండు రోజులు పోగై పదకొండు, పన్నెండేళ్లకోసారి ఇరవై ఏడో జీతంగా బయటపడతాయి. ఇది కొత్త సంగతేం కాదు. ఫెడరల్ ప్రభుత్వం తన ఉద్యోగుల గంట జీతం కట్టేటప్పుడు ఏడాది జీతాన్ని 2,080 గంటలతో కాకుండా 2,087తో భాగిస్తుంది. ఈ జారుడును లెక్కలో వేసుకున్నందుకే ఆ ఏడు గంటలు. పేరోల్ నడిపేవాళ్లందరికీ ఇది తెలుసు. తెలియనిది జీతం తీసుకునేవాళ్లకే.

2026 కొందరికి అలాంటి ఏడాది. జనవరి 2, శుక్రవారం మొదటి జీతం పడ్డవాళ్లకు జనవరిలో 2, 16, 30 తేదీల్లో మూడు, జులైలో 3, 17, 31 తేదీల్లో మూడు. ఆ వరసలో తర్వాతెక్కడో 2027 జనవరి 1, శుక్రవారం జీతం రోజు అవుతుంది. అది బ్యాంకులకు సెలవు. సెలవు రోజు జీతాన్ని ముందు రోజే వేసే కంపెనీలో అది 2026 డిసెంబరు 31న పడుతుంది. ఇరవై ఏడో జీతం. పన్ను లెక్కలో కూడా అది 2026 రాబడే.

ఇలాంటి ఏడాదిలో కొన్ని కంపెనీలు మామూలు చెక్కే ఇరవై ఏడుసార్లు ఇస్తాయి. మరికొన్ని ఏడాది జీతాన్ని ఇరవై ఏడుతో భాగించి ఒక్కో చెక్కు తగ్గిస్తాయి. 1,04,000 జీతగాడికి 4,000 బదులు 3,852. చెక్కుకు 148 కోత. గంటల లెక్కన పనిచేసేవాళ్లకు ఈ బాధ లేదు, చేసిన గంటలకు డబ్బు వస్తుంది. నిర్ణీత జీతం మీద ఉన్నవాళ్లకే దెబ్బ. "ఏడాది మొత్తం అదే కదా" అని సమాధానం చెబుతారు. మొత్తం అదే కావచ్చు. కానీ పైన లెక్క చూసిన ఇంట్లో ఒక్కో జీతానికి మిగులు 138. పన్నులు పోయాక ఆ కోత వంద డాలర్ల పైన చేతికి తగులుతుంది. ఏడాది పొడవునా ఆ ఇంటి పొదుపు దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. అద్దె ఇరవై ఏడుతో భాగించి తగ్గిస్తానని ఇంటి యజమాని అనడు కదా! పద్నాలుగు రోజుల పద్ధతి ఎంచుకున్నది ఉద్యోగి కాదు. పేరోల్ నడపడం తేలికని కంపెనీ ఎంచుకుంది. అందులో పుట్టే తేడాను ఉద్యోగి నెత్తిన రుద్దడం అన్యాయం. చట్టంలో చోటుందని అన్యాయం న్యాయం కాదు.

అందుకని ఆఫర్ లెటర్ తీసి ఒక మాట చూసుకోండి. జీతం "ఏడాదికి ఇంత" అని రాసుందా, "రెండు వారాలకు ఇంత" అని రాసుందా? రెండో మాట ఉంటే చెక్కు తగ్గించడానికి కంపెనీకి సాకు తక్కువ. మొదటి మాట ఉంటే ముందే అడగాలి. వచ్చే ఏడాది జీతం తేదీలు ఎన్ని, ఇరవై ఏడు ఉంటే ఒక్కో చెక్కు ఎంత, బీమా ప్రీమియం ఎన్నిసార్లు కోస్తారు, రిటైర్మెంట్ పొదుపులో కంపెనీ వేసే వాటా చివరి చెక్కుకు కూడా వస్తుందా అని. ఆ చివరి ప్రశ్న వదిలేయకండి. చెక్కు తగ్గించని కంపెనీలో, పొదుపు శాతాన్ని ఇరవై ఆరు జీతాల లెక్కన పరిమితికి సరిపెట్టుకున్నవాళ్లకు ఇరవై ఆరో చెక్కుకే ఆ పరిమితి నిండిపోతుంది. ఏడాది చివర్లో సరిచేసే పద్ధతి లేని కంపెనీలో ఇరవై ఏడోదానికి కంపెనీ వాటా పడదు. ఈ ప్రశ్నలు హెచ్‌ఆర్‌కు నోటితో కాదు, ఈమెయిల్‌లో పెట్టండి. నవంబరు మొదట్లోనే పెట్టండి. డిసెంబరు వచ్చేసరికి కొత్త ఏడాది పేరోల్ క్యాలెండర్ ఖాయమైపోతుంది, జనవరి మొదటి చెక్కు తగ్గి వచ్చాక అడిగితే "అందరికీ అంతే" అంటారు.